హేలోనా, రీసెన్సీనా? క్విజ్‌లో మార్కు పోయిన కంప్రెసర్ ప్రశ్న

అంబాజీపేట_ఎంబీఏ
అందరికీ నమస్కారమండి. నాది ఎంబీఏ రెండో సెమిస్టరు. నిన్న హెచ్‌ఆర్ పేపర్‌కి ఇంటర్నల్ క్విజ్ పెట్టారు. సూపర్‌వైజర్ ఏదో రేటింగ్ ఇచ్చాడని ఓ చిన్న కథ చెప్పి, అందులో పొరపాటు ఏ రకమో గుర్తుపట్టమంటారు చూడండి, అలాంటివి ఆరు వచ్చాయి. అయిదు కరెక్టు. ఒకటి పోయింది. అది ఎందుకు తప్పో రాత్రి నుంచి బుర్ర తినేస్తోంది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

రొయ్యల ప్యాకింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్ ఏప్రిల్‌లో ఏడాది రేటింగులు రాశాడు. మార్చి మూడో వారంలో కోల్డ్ స్టోర్ కంప్రెసర్ ఆగిపోతే ఒక ఉద్యోగి రాత్రంతా ఉండి సరుకు పాడవకుండా కాపాడాడు. సూపర్‌వైజర్ అతనికి హాజరు, పని నాణ్యత, తోటివారితో మెలగడం, భద్రతా నియమాలు, నాలుగింటికీ 5కి 5 వేశాడు. కానీ జూన్ నుంచి డిసెంబరు లోపల అతనికి ఆలస్యంగా వచ్చినందుకు మూడు మెమోలు ఉన్నాయి.

నేను హేలో పెట్టాను. కీలో రీసెన్సీ అని ఉంది. ఒక్క మంచి పని చూసి అన్నిట్లోనూ ఫుల్ మార్కులు వేయడం హేలో కాదా?

తణుకు_బుల్లిరాజు
తమ్ముడూ, రెండూ కాదు. లీనియెన్సీ. మెమోలున్నవాడికి అయిదుకి అయిదు వేశాడంటే సూపర్‌వైజర్ చెయ్యి ధారాళం అన్నమాట. ఎక్కువ మార్కులు కనిపిస్తే లీనియెన్సీ అని పెట్టెయ్, నేను అలాగే పాసయ్యాను.

పాలకొల్లు_పద్మ
రీసెన్సీ అంటే కొత్తగా చేరినవాళ్ళకి తక్కువ వేయడం కదా? మా ఆఫీసులో అదే జరుగుతోంది. చేరి ఏడాది కాలేదని మా బ్యాచ్ మొత్తానికి 3 పెట్టారు. ఈ ప్రశ్నలో ఆ ఉద్యోగి ఎప్పుడు చేరాడో చెప్పలేదు కాబట్టి రీసెన్సీ ఎలా అవుతుంది?

భీమవరం_హెచ్‌ఆర్
పద్మ గారూ, రీసెన్సీలో కొత్తది మనిషి కాదండి, సంఘటన. ఏడాదంతా చూడాల్సిన సూపర్‌వైజర్‌కి ఆఖరి రెండు మూడు వారాలే కళ్ళ ముందు ఆడతాయి. మీ బ్యాచ్‌కి జరిగింది వేరే రకం అన్యాయం.

బుల్లిరాజు గారూ, మీ సూత్రం సగమే పనిచేస్తుంది. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో తొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. రేటింగ్ షీట్లు వచ్చాక నేను ముందు మార్కు పెద్దదా చిన్నదా అని చూడను, ఎటువైపు ఒకేలా ఉందో చూస్తాను. కాగితం మీద మనుషుల పేర్లు కిందకీ, గుణాలు పక్కకీ రాసుకోండి. ఒక మనిషి వరుసలో పక్కకి చదివితే అన్నీ ఒకే అంకె ఉంటే హేలో అనుమానం. ఒకే సూపర్‌వైజర్ రాసిన షీటులో పైనుంచి కిందకి ఎవరిని చూసినా ఎక్కువే ఉంటే లీనియెన్సీ అనుమానం.

పీలింగ్ లైన్లో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారనుకోండి. మొదటామెకి 5 5 5 5, రెండో ఆమెకి 3 3 3 3, మూడో ఆమెకి 2 2 2 2. ఇక్కడ సూపర్‌వైజర్ ధారాళం ఏమీ కాదు, 2 కూడా వేశాడు. కానీ ఒక్కొక్కరి మీద ఒక్క అభిప్రాయం పెట్టుకుని, దాన్నే నాలుగు గళ్ళలో ఎక్కించేశాడు. అదే షీటు 5 4 5 4, 4 5 4 5, 5 5 4 4 అని ఉంటే మనిషిలోపల తేడాలు చూశాడు, కానీ ఎవరినీ 4కి కిందకి దించలేదు. అది లీనియెన్సీ దారి.

ఈ ప్రశ్నలో ఉన్నది ఒక్క ఉద్యోగి. మిగతావాళ్ళకి ఎంత వేశాడో చెప్పనే లేదు. ఒక్క మనిషి వరుస చూసి లీనియెన్సీ అని తేల్చలేం. కాబట్టి అది పోయింది. మిగిలింది హేలో, రీసెన్సీ. వాటి మధ్య నాకూ కొంచెం తికమకగానే ఉంది.

తణుకు_బుల్లిరాజు
మేడమ్, అయితే నేను పాసైంది అదృష్టం కొద్దీ అన్నమాట. ఆయ్, ఒప్పుకున్నానండి.

పర్సనల్_మాస్టారు
నేను రాజమండ్రి వైపు ఒక మిల్లులో పర్సనల్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పిల్లలకి నెట్ పరీక్షకి ఈ పేపరు చెబుతున్నాను. ఇలాంటి ప్రశ్న వస్తే వాళ్ళని ఒక పని చేయమంటాను. సంఘటన తేదీని జరిపి చూడండి.

కంప్రెసర్ ఆగిపోయింది మార్చిలో కాదు, కిందటి మేలో అనుకోండి. ఏప్రిల్‌లో షీటు రాసేటప్పుడు సూపర్‌వైజర్‌కి ఆ రాత్రి ఇంకా అంతే గట్టిగా గుర్తుండి, మళ్ళీ నాలుగు అయిదులే వేస్తాడా? వేస్తాడంటే అతన్ని పట్టుకున్నది ఆ ఘనకార్యం. అది హేలో. మేలో జరిగి ఉంటే మర్చిపోయి మామూలు మార్కులు వేసేవాడంటే పట్టుకున్నది తేదీ. అది రీసెన్సీ. అన్ని ప్రశ్నల్లోనూ దీనికి జవాబు దొరకదు, కానీ ప్రశ్న రాసినాయన ఏ క్లూ ఇచ్చాడో వెతకడానికి పనికొస్తుంది.

ఇక్కడ అసలు క్లూ మెమోలు. జూన్ నుంచి డిసెంబరు అన్నాడు. అంటే జనవరి నుంచి మార్చి దాకా మెమో లేదు, ఆ మూడు నెలలూ టైముకే వచ్చాడు. సూపర్‌వైజర్ హాజరుకి 5 వేసింది ఆ ఆఖరి మూడు నెలలు చూసి. పాత ఏడు నెలలు చెరిగిపోయాయి. అందుకే కీలో రీసెన్సీ. నాకు సబబుగానే ఉంది.

హేలో అనాలంటే మెమో మార్చిలో కూడా ఉండాలి. మొన్ననే ఆలస్యంగా వచ్చి మెమో తీసుకున్నవాడికి హాజరులో 5 పడిందంటే అది దగ్గరి జ్ఞాపకం వల్ల పడింది కాదు. దగ్గరి జ్ఞాపకమే అతనికి వ్యతిరేకంగా ఉంది కదా.

అంబాజీపేట_ఎంబీఏ
మాస్టారూ, మెమోల నెలల వైపు నేను అసలు చూడలేదండి. మెమోలున్నాయి, అయినా 5 వేశాడు, కాబట్టి హేలో అనుకున్నాను.

లంక_సత్తిబాబు
మధ్యలో నా గోల చెప్పుకోవచ్చా. నేను చక్కెర ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. చక్కెర ఏడాది అక్టోబరులో మొదలై సెప్టెంబరులో అయిపోతుంది కాబట్టి మా రేటింగులు సెప్టెంబరులో రాస్తారు. మా ఊరు లంకలో ఉంది. ఆగస్టులో గోదావరి పొంగితే కాజ్‌వే మునిగిపోతుంది, పడవ కూడా కట్టరు. కిందటేడు తొమ్మిది రోజులు ఊళ్ళోనే ఉండిపోయాను. సెప్టెంబరులో షీటు చూస్తే హాజరులో 2, బాధ్యతలో కూడా 2. క్రషింగ్ నడిచిన నాలుగు నెలలూ ఒక్క సెలవు పెట్టలేదు, రాత్రి రెండింటికి విడిభాగం కావాలంటే నేనే వెళ్ళి తీసిచ్చాను. అదెవరికీ గుర్తు లేదు. ఇది రీసెన్సీ కాదా?

పర్సనల్_మాస్టారు
సత్తిబాబూ, నీ కథలో రెండు విషయాలు కలిసిపోయాయి. ఒకటి, వరద వల్ల రాలేనివాడిని రాలేదని కోయడం. అది ఏ నెలలో జరిగినా తప్పే. చేతిలో లేని కారణాన్ని మనిషి గుణంగా రాసేశారు. రెండోది, సెప్టెంబరుకి దగ్గరగా ఉండబట్టే అంత గట్టిగా తగిలిందా అన్నది. ఇక్కడా తేదీ జరిపి చూడు. డిసెంబరులో ఎవరైనా అన్ని రోజులు రాకపోతే వాళ్ళకి ఏం వేశారు?

లంక_సత్తిబాబు
మీరడిగారు కాబట్టి చెబుతున్నా. మా పక్క సెక్షన్ ఆయన డిసెంబరులో కూతురి పెళ్ళికి పన్నెండు రోజులు పెట్టాడు. నిండు క్రషింగులో. హాజరులో 4 పడింది. ఆయన మీద నాకేం కోపం లేదండి.

పర్సనల్_మాస్టారు
అయితే రీసెన్సీ ఉన్నట్టే. పన్నెండు రోజులకి 4, తొమ్మిది రోజులకి 2. ఆయనది ముందే అడిగి పెట్టుకున్న సెలవు, నీది చెప్పకుండా పోయిన సెలవు అని వాళ్ళు వాదించవచ్చు, ఆ మెలిక ఉండనే ఉంది. ఇక బాధ్యతలో కూడా 2 వేశారు చూడు, అక్కడ హాజరు మీది కోపం పక్క గడిలోకి ఒలికింది. అది హేలోకి తలకిందులుది, చెడ్డ వైపు ఒలకడం. పుస్తకాల్లో హార్న్ అంటారు. నిజం షీటుల్లో ఇలా రెండు మూడు కలిసే వస్తాయి. క్విజ్‌లో ఒకటే పెట్టమంటారు, అదీ చిక్కు.

ముమ్మిడివరం_క్లాస్‌మేట్
అంబాజీపేట గారూ, నేను మీ క్లాసే. ప్రశ్న మీరు కొంచెం మార్చి రాశారు. నా దగ్గర పేపర్ ఫొటో ఉంది. అందులో ఉన్న మాటలు ఇవి: "గత ఏడాది పొడవునా అతనికి ఆలస్యంపై మూడు మెమోలు అందాయి." జూన్, డిసెంబరు అన్న మాటలే లేవు. మిగతాదంతా మీరు రాసినట్టే ఉంది.

అంబాజీపేట_ఎంబీఏ
అయ్యో. ఇంకో ప్రశ్నలో జూన్, డిసెంబరు ఉన్నాయి, అవి ఇందులో కలిపేశానేమో. క్షమించండి.

పర్సనల్_మాస్టారు
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాది పొడవునా అంటే ఆఖరి నెలల్లో కూడా మెమో ఉండి ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. హాజరులో 5 ఎక్కడి నుంచి వచ్చిందో ఈ మాటలతో చెప్పలేం. ఒక్క రాత్రి గొప్పతనం హాజరు గడిలోకి, భద్రత గడిలోకి పాకింది అనడమే దగ్గరగా ఉంది. పిల్లాడు పెట్టిన హేలో తప్పనలేను.

అయితే కీ వేసినాయన వైపు నుంచి కూడా చూడాలి. ఆయన ఏప్రిల్ రేటింగ్ అన్నాడు, మార్చి మూడో వారం అన్నాడు. ఊరికే తేదీలు ఎవరూ రాయరు. హేలో అడగదలుచుకుంటే తేదీ లేకుండా "మంచి మాటకారి కాబట్టి అన్నింట్లో ఎక్కువ వేశాడు" అని రాసి ఊరుకునేవాడు. పరీక్ష రాసేటప్పుడు రెండు క్లూలు కొట్టుకుంటే తేదీ వైపు మొగ్గమని పిల్లలకి చెబుతాను. అది పరీక్ష తెలివి మాత్రమే, విషయం తెలివి కాదు.

భీమవరం_హెచ్‌ఆర్
మాస్టారూ, నేను ఒప్పుకోను. నాలుగు గుణాలు పేరుపేరునా రాసి నాలుగింటికీ 5 అన్నాడు. అది కూడా ఊరికే ఎవరూ రాయరు. రీసెన్సీ అడగాలంటే "ఏడాదంతా సగటు పని, ఆఖరి నెలలో బాగా చేశాడు, మొత్తం రేటింగ్ అత్యుత్తమం" అంటే చాలు. ఈ ప్రశ్నకి రెండు జవాబులూ మార్కుకి అర్హమే. సార్‌ని అడగండి తమ్ముడూ.

తణుకు_బుల్లిరాజు
లీనియెన్సీ గురించి ఇంకో అనుమానం మేడమ్. మీరన్నట్టు పైనుంచి కిందకి అందరికీ ఎక్కువే ఉంది. కానీ ఆ టీమ్ నిజంగానే మంచిదైతే? మంచి మనుషుల్ని ఏరి పెట్టుకున్న సూపర్‌వైజర్‌ని పట్టుకుని ధారాళం అనడం న్యాయమా?

భీమవరం_హెచ్‌ఆర్
మంచి ప్రశ్న వేశారు. మార్కులు మాత్రమే చూసి చెప్పలేం. మా దగ్గర జరిగింది చెబుతాను. పగలు షిఫ్టు పీలింగ్ సూపర్‌వైజర్ కింద పన్నెండు మంది. పదకొండు మందికి 4 పైనే వేశాడు. మధ్యాహ్నం షిఫ్టు సూపర్‌వైజర్ చాలామందికి 3 వేశాడు. మేనేజర్ వెంటనే పగలు ఆయన్ని పిలిచి తగ్గించమన్నారు. నేను ఆగమని అడిగాను.

మా దగ్గర మార్కులతో సంబంధం లేని లెక్కలు రెండున్నాయి. ఒకటి, ఇచ్చిన రొయ్య బరువుకి ఒలిచిన తర్వాత ఎంత మాంసం తేలింది అన్నది. రెండు, క్వాలిటీ టేబుల్ మీద నరం మిగిలిందనో, తోక తెగిందనో ఎన్ని ముక్కలు వెనక్కి వచ్చాయి అన్నది. మూడు నెలల రిజిస్టర్లు తీశాను. వచ్చిన సరుకు రకం, కౌంట్ ఒకేలా ఉన్న రోజులు మాత్రమే తీసుకున్నాను, లేకపోతే చిన్న రొయ్య పడ్డ షిఫ్టుకి అన్యాయం అవుతుంది. రెండు షిఫ్టులూ దాదాపు సమానం. పని సమానం, మార్కులు వేరు. అంటే తేడా మనుషుల్లో లేదు, రాసే చేతిలో ఉంది.

ఎందుకలా వేశావని అడిగితే దాచుకోకుండానే చెప్పాడు. ఆ పన్నెండు మందిలో ఎనిమిది మంది ఒకే ఊరి నుంచి ఒకే వ్యాన్‌లో వస్తారు. ఒకామెకి 3 వేసి ఇంకొకామెకి 5 వేస్తే వ్యాన్‌లోనే తేలిపోతుంది. సీజన్లో అలిగి పక్క ప్లాంటుకి ఎనిమిది మందీ వెళ్ళిపోతే లైను ఆగిపోతుంది. ఆయన మార్కులు వేయలేదు, వ్యాన్‌ని కాపాడుకున్నాడు.

పర్సనల్_మాస్టారు
అమ్మా, ఒక్క మాట. రెండు షిఫ్టుల పనీ సమానం, మార్కులు వేరు. అంతవరకు సరే. కానీ పగలు ఆయన ధారాళమా, మధ్యాహ్నం ఆయన పిసినారా? రెండో ఆయనే కఠినంగా వేశాడేమో. ఇద్దర్ని మాత్రమే పోలిస్తే తప్పు ఎటుందో తేలదు.

భీమవరం_హెచ్‌ఆర్
నిజమేనండి, ఆ మాట అప్పుడు మేనేజరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. రాత్రి షిఫ్టుది చూసి ఉండాల్సింది. అప్పటికి రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ మానేసి వెళ్ళిపోయాడు, ఆ షీట్లు సగమే ఉన్నాయి. వ్యాన్ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి లీనియెన్సీ అన్నాం. ఒప్పుకోకపోయి ఉంటే ఇప్పటికీ తేలేది కాదు.

పాలకొల్లు_పద్మ
మరి ఇవన్నీ రాకుండా సూపర్‌వైజర్లకి ముందే క్లాసు చెప్పొచ్చు కదా. హేలో చేయకండి, అందరికీ ఎక్కువ వేయకండి అని.

పర్సనల్_మాస్టారు
చెప్పి చూశానమ్మా. క్లాసు అయిన మర్నాడు అందరి షీట్లలోనూ అంకెలు ముచ్చటగా చెదిరిపోయాయి. ఒకే మనిషికి 5, 2, 4, 3. తీరా చూస్తే నిజంగా అన్నిట్లో మంచివాడైన ఫిట్టర్‌కి కూడా హేలో అంటారేమోనన్న భయంతో ఎక్కడో ఒక చోట 2 పెట్టారు. 1980లో బెర్నార్డిన్, పెన్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇదే చూపించారు. పొరపాట్లు మానమని శిక్షణ ఇస్తే హేలో, లీనియెన్సీ తగ్గాయి, రేటింగ్ ఖచ్చితత్వం కూడా తగ్గింది. అంకెలు పరిచేయడం వేరు, సరిగ్గా చూడడం వేరు.

హేలో అన్న మాటని ఈ అర్థంలో 1920లో వాడింది థార్న్‌డైక్. సైన్యంలో అధికారులు తమ కిందివాళ్ళకి వేసిన మార్కులు చూశాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి వేరువేరు సంగతులు కదా, వాటి మార్కులు మాత్రం ఉండాల్సినదానికన్నా గట్టిగా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన అనుమానించింది ఆ అతుకుని. ఒక మనిషికి అన్నీ 5 ఉన్నంత మాత్రాన హేలో అనలేదు. నాలుగింట్లోనూ మంచివాళ్ళు లోకంలో ఉంటారు.

నేను ఆఖరికి చేసింది చిన్న పనే. ఒక మనిషి షీటు పూర్తిచేసి ఇంకో మనిషికి వెళ్ళవద్దన్నాను. ముందు హాజరు గుణం తీసుకుని అందరికీ వేయండి, ఆ కాగితం పక్కన పెట్టి, తర్వాత నాణ్యత అందరికీ వేయండి అన్నాను. ఇక రీసెన్సీకి, ప్రతి శనివారం ఒక్కొక్కరి మీద ఒక్క వాక్యం తేదీతో రాసే నోటుబుక్కు. మొదటిది కొంత పనిచేసింది. రెండోది సంక్రాంతి దాకా నడిచింది, తర్వాత పుస్తకాలన్నీ ఖాళీ. మార్చి ఆఖరున ఒకాయన ఒకే పెన్నుతో ఒకే రోజు పన్నెండు వారాలు రాసిచ్చాడు.

లంక_సత్తిబాబు
నవ్వొచ్చింది మాస్టారూ. మా దగ్గర ఆ పుస్తకం ఉంటే డిసెంబరు, జనవరి శనివారాల్లో నా పేరు ఉండేది. కనీసం పెన్ను మార్చి రాసినా చాలు.

అంబాజీపేట_ఎంబీఏ
ఇవాళ సార్‌ని కలిశాను. ఫొటో చూపించి మెమోల తేదీలు లేవని, నాలుగు గుణాల సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు చదివి "మార్చి అని ఇచ్చాను కదయ్యా" అన్నారు. మార్కు ఇవ్వలేదు. కానీ వచ్చే సెమిస్టరుకి ఆ ప్రశ్నలో మెమోల నెలలు రాస్తానన్నారు. ఏ నెలలు రాస్తారండీ అని అడిగితే నవ్వి వెళ్ళిపోయారు.

భీమవరం_హెచ్‌ఆర్
మార్చిలో ఒక మెమో పెట్టమనండి. అప్పుడు కీ మార్చుకోవాల్సి వస్తుంది.

పర్సనల్_మాస్టారు
ఫిబ్రవరిలో పెడితే? అప్పుడు మనిద్దరం మళ్ళీ మొదలెట్టాలమ్మా.